రాలిన, దెబ్బతిన్న కాయలు

"గాలివానకు రాలిన, దెబ్బతిన్న కాయలను తూకంలో లెక్కించరాదు."

ఈ వాక్యం రాసింది నేనే. మా బావకు కనగల్ దగ్గర ఎనిమిదెకరాల బత్తాయి తోట ఉంది. ఒక ఏడాది కత్తెర కాపును టన్ను లెక్కన ఒక వ్యాపారికి మాట్లాడుకున్నాడు. "నువ్వు పేపర్ల పనిచేసినోడివి గదా, కాయితం నువ్వే రాయి" అని పని నాకు అప్పజెప్పాడు. స్టాంపు పేపరు మీద ఒకే పేజీ, పదకొండు షరతులు. రాశాక రెండుసార్లు చదువుకున్నాను, తప్పేం కనబడలేదు. వ్యాపారి చదివాడు, బావ చదివాడు, ఇద్దరు సాక్షులు చదివినట్టు తల ఊపారు. సంతకాలయ్యాయి, చాయ్ తాగాం.

ఏప్రిల్ నెలాఖర్లో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. ఆ మర్నాటి నుంచే కోత మొదలుపెట్టారు. కాంటా పెట్టిన రోజు నేను తోటకు పోయేసరికి మంచి కాయ కాకుండా, విడిగా నాలుగు కుప్పలు పట్టాల మీద పోసి ఉన్నాయి. మొదటిది, గాలికి రాలినా దున్నిన మెత్తటి మట్టిలో పడి గీత కూడా పడని కాయ. మూడు టన్నులు. రెండోది, రాలి రాయికో గట్టుకో తగిలి పగిలిన కాయ. రెండు టన్నులు. మూడోది చెట్టు మీదే ఉండి, గాలికి ఊగి, ముళ్లకు రాసుకుని మచ్చలు పడ్డ కాయ. టన్నున్నర. నాలుగోది చిన్న కుప్ప. కోసేటప్పుడు చేతిలోంచి జారినవి, బండికెక్కించేటప్పుడు అడుగున పడి నలిగినవి. అర టన్ను. వీటికి గాలివానతో సంబంధమే లేదు, కూలీల తొందరతో సంబంధం.

వ్యాపారి కాగితం జేబులోంచి తీశాడు. "చూడు అన్నా, రాలిన కాయలు, దెబ్బతిన్న కాయలు లెక్కించరాదని ఉంది. ఈ నాలుగు కుప్పలూ అవే గదా. వీటిని కాంటా ఎక్కియ్యొద్దు."

బావ ఊరుకుంటాడా? "రాలిన, దెబ్బతిన్న కాయలన్నరు. అంటే రాలాలె, దెబ్బ కూడా తినాలె. ఆ రెండో కుప్ప ఒక్కటే. మంచిగున్న కాయ కింద పడితే నీకేం పోయింది? బండికెక్కించుకుంటనే ఉన్నవ్ గదా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. రాసినోడివి నువ్వే, నువ్వే చెప్పు అన్నట్టు.

నేను చెప్పలేకపోయాను. మొహమాటం వల్ల కాదు, రాసేటప్పుడు నేను ఏమనుకున్నానో నాకే తెలియదు గనక. రాలిపోయినా బాగున్న కాయ అనేది నా బుర్రలోకే రాలేదు. "రాలిన, దెబ్బతిన్న" అని రెండు మాటలు జంటగా తోచాయి, కలిపి రాసేశాను.

లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఇది మాటల గొడవ మాత్రమే కాదు. మాట్లాడుకున్న రేటు టన్నుకు 20,000. వ్యాపారి చదివినట్టు చదివితే నాలుగు కుప్పలూ కలిపి ఏడు టన్నులు తూకంలోంచి పోతాయి, బావకు 1,40,000 నష్టం. బావ చదివినట్టు చదివితే పోయేది రెండు టన్నులే, 40,000. మధ్యలో ఇంకో చదువు కూడా ఉంది. "గాలివానకు" అన్న మాట "రాలిన" దగ్గరే ఆగకుండా "దెబ్బతిన్న" దాకా పారుతుందనుకోండి. అప్పుడు కూలీలు నలిపిన అర టన్ను మినహాయింపులోకి రాదు, ఆరున్నర టన్నులే పోతాయి, 1,30,000. ఒకే వాక్యం, మూడు మొత్తాలు. పై మొత్తానికీ కింది మొత్తానికీ తేడా సరిగ్గా లక్ష.

తర్కశాస్త్రంలో దీన్ని ఆంఫిబొలీ అంటారు. భాష వల్ల పుట్టే తప్పుడు వాదాలు ఆరు రకాలని అరిస్టాటిల్ లెక్కపెట్టినప్పుడు అందులో ఇదొకటి. ప్రతి మాటకూ ఒకటే అర్థం ఉంటుంది, కానీ మాటలు అతుక్కునే తీరు రెండు రకాలుగా ఉంటుంది. మనవాళ్లు దీనికి వెంటనే "అశ్వత్థామ హతః" ఉదాహరణ చెప్తారు. అది వేరు. అక్కడ వాక్యం కట్టు ఒక్కటే, అశ్వత్థామ అనే పేరే ఇద్దరికి ఉంది, ఒకరు గురుపుత్రుడు, ఒకటి ఏనుగు. పేరు మారిస్తే చిక్కు పోతుంది. నా వాక్యంలో ఏ మాట మార్చినా చిక్కు పోదు. రాలడం అంటే ఏంటో బావకు, వ్యాపారికి, నాకు ఒకటే అర్థం. అతుకు దగ్గరే తేడా.

ఈ సంగతి ఎవరికి చెప్పినా "కామా సరిగ్గా పెట్టాల్సింది" అంటారు. ఇంగ్లీషు మీడియం చదువుల ప్రభావం అనుకుంటాను. ఇంగ్లీషులో నిజంగానే కామా మీద కేసులు నడిచాయి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఒక డెయిరీ డ్రైవర్ల ఓవర్‌టైమ్ కేసు 2017లో అప్పీలు కోర్టు దాకా వచ్చింది. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర చట్టంలో "రవాణాకు లేదా పంపిణీకి ప్యాకింగ్" అని అర్థం వచ్చేలా ఉంది. పంపిణీ విడిగా ఒక పనా, లేక ప్యాకింగే పనై, అది రవాణాకో పంపిణీకో చేసేదా? డ్రైవర్లు పంపిణీ చేస్తారు గానీ ప్యాకింగ్ చేయరు. "లేదా" ముందు కామా లేదు. కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది, మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. కోర్టు తీర్పు తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ చట్టాన్ని తిరగరాసింది. కామాలన్నీ తీసి సెమీకోలన్లు పెట్టడమే కాదు, "పంపిణీ" అన్న నామవాచకాన్ని మిగతా పనుల మాటల్లాగే "పంపిణీ చేయడం" అన్న రూపంలోకి మార్చింది. నాకు ఆ రెండో మార్పే ముఖ్యం అనిపిస్తుంది. చుక్కలు కాదు, మాట రూపం మారితేనే అర్థం కుదురుకుంది.

తెలుగులో అయితే కామా దాదాపు అలంకారం. మనం చదివేటప్పుడు కామా దగ్గర ఊపిరి తీసుకుంటాం తప్ప అర్థం తీసుకోం. నా వాక్యంలో కామా తీసేసి చూడండి, పెట్టి చూడండి. లక్ష రూపాయలు ఎటూ కదలవు.

మన చిక్కు ఎక్కడుందో నాకు బత్తాయి తోట కన్నా చాలా ముందే తెలియాల్సింది. తొమ్మిదేళ్లు నల్లగొండలో ఒక పత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. రాత్రి పదిన్నరకు పేజీ వదలాలి, హెడ్డింగుకు రెండు కాలమ్‌ల జాగా, అందులో ఐదారు మాటలు. ఒక మండల రిపోర్టర్ పంపిన వార్త ఇది. ఒక అధికారి కారు డ్రైవర్, సార్‌తో చెప్పి పాసుపుస్తకం పని చేయిస్తానని రైతును డబ్బులడిగి దొరికిపోయాడు. అధికారికి ఈ సంగతే తెలియదు. నేను పెట్టిన హెడ్డింగ్:

"లంచం అడిగిన అధికారి డ్రైవర్ పట్టివేత"

పొద్దున ఏడింటికి ఫోన్. అధికారి గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "మీ హెడ్డింగ్ చదివి మా అత్తగారింటి నుంచి ఫోన్ వచ్చిందండి. లంచం నేనడిగితే నా డ్రైవర్ దొరికాడని అనుకుంటున్నారు." నేను వ్యాకరణం మాట్లాడాను. "అడిగిన" అనేది డ్రైవర్‌కు చెందుతుంది సార్, మధ్యలో "అధికారి" అంటే అధికారి యొక్క అని. ఆయన విన్నాడు. "అది మీకు తెలుసు" అన్నాడు.

సవరణ వేశాం, లోపలి పేజీలో. సవరణ ఎవరు చదువుతారు?

ఆ హెడ్డింగును ఎన్ని రకాలుగా తిరగరాశానో. "అధికారి దగ్గర లంచం అడిగిన డ్రైవర్" అని మొదట తట్టింది, అది ఇంకా ఘోరం. డ్రైవరే అధికారిని లంచం అడిగినట్టు అయింది. ఒక చిక్కు విప్పబోయి ఇంకోటి వేయడం ఈ పనిలో మామూలు. "లంచం అడిగిన డ్రైవర్ పట్టివేత" అంటే శుభ్రంగా ఉంది కానీ వార్తలో సగం పోయింది, ఎవరి డ్రైవరో లేకపోతే దానికి జిల్లా పేజీ ఎందుకు? చివరికి కుదిరింది ఇది: "సార్ పేరుతో లంచం అడిగిన డ్రైవర్ పట్టివేత". అక్షరాల లెక్కన పాతదాని కంటే పెద్ద ఎక్కువేం కాదు. రాత్రి పదిన్నరకు తట్టలేదు, అంతే.

రెండింటిలో తేడా చూడండి. మొదటి దాంట్లో "అడిగిన" తర్వాత రెండు నామవాచకాలు వరుసగా ఉన్నాయి, అధికారి, డ్రైవర్. "అడిగిన" దేనికైనా తగులుకోవచ్చు. రెండో దాంట్లో "అడిగిన" పక్కన డ్రైవర్ తప్ప ఇంకెవరూ లేరు. అధికారి ముందుకు జరిగాడు, వాక్యంలో ఇంకో పని దొరికింది. ఆ తర్వాత డెస్కులో కొత్తగా వచ్చిన పిల్లలకు నేను చెప్పింది ఇదొక్కటే. క్రియకు "ఇన" తగిలించి విశేషణంగా వాడితే, దాని వెనకే ఎవరు చేశారో వాళ్ల పేరుండాలి, మధ్యలో ఇంకో మనిషిని నిలబెట్టొద్దు.

అసలు ఈ "ఇన" రూపంలోనే ఉంది మన భాష గొప్ప, మన భాష ముప్పు. తిన్న మనిషి, తిన్న పండు, తిన్న ప్లేటు, తిన్న చోటు. నాలుగింట్లోనూ "తిన్న" ఒక్కటే. మొదటి దాంట్లో తిన్నది మనిషి, రెండో దాంట్లో తినబడింది పండు, మూడో దాంట్లో ప్లేటు పాత్ర వేరు, నాలుగో దాంట్లో చోటు పాత్ర వేరు. ఎవరు, దేన్ని, దేంట్లో, ఎక్కడ అని చెప్పే చిన్న మాట ఒక్కటీ లేదు. క్రియను తెచ్చి నామవాచకం ముందు నిలబెడతాం, మిగతాది వినేవాడు ఊహించుకుంటాడు. పండు తినదు, మనిషిని తినరు కాబట్టి ఇబ్బంది లేదు. రెండు వైపులా చేయగలవాళ్లు, రెండు వైపులా జరగగలవి వచ్చినప్పుడే తంటా.

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద ప్రమాదం జరిగితే మా డెస్కులో తరచూ పడే హెడ్డింగు "లారీ ఢీకొన్న బస్సు". ఏది దేన్ని కొట్టింది? గట్టిగా వ్యాకరణం పట్టుకుంటే లారీ వచ్చి బస్సును కొట్టింది. కానీ ప్రాణం లేని వాటికి "ని" వదిలేయడం మనకు అలవాటే. బండి నడిపాడు, అన్నం తిన్నాడు అంటాం, బండిని నడిపాడు, అన్నాన్ని తిన్నాడు అని పనిగట్టుకుని అనం. అందుకే సగం మంది ఆ హెడ్డింగులో లేని "ని"ని తామే పెట్టుకుని, బస్సే పోయి లారీని కొట్టిందని చదువుతారు. మనుషుల దగ్గర ఈ చిక్కు రాదు. "ఎస్సై కొట్టిన యువకుడు" అంటే దెబ్బలు తిన్నది యువకుడే, తిరగేయాలంటే "ఎస్సైని కొట్టిన" అని రాసి తీరాలి. లారీకి, బస్సుకు ఆ రక్షణ లేదు. బస్సు డ్రైవర్ ఇంట్లో వాళ్లు మాత్రం పేపర్‌ను గట్టిగా వ్యాకరణం పట్టుకుని చదవరు. "లారీని ఢీకొన్న బస్సు" అనో, "బస్సును ఢీకొట్టిన లారీ" అనో ఒక్క అక్షరం ఖర్చుపెడితే ఆ ఇంట్లో ఆ రోజు ఒక టెన్షన్ తగ్గుతుంది. ఎవరిది తప్పో ఇంకా తేలలేదా? అప్పుడు "బస్సు, లారీ ఢీ" అని రాయాలి. ఆ హెడ్డింగు చప్పగా ఉంటుంది, నిజమే. కానీ తెలియని దాన్ని తెలిసినట్టు రాయడం కన్నా చప్పదనమే నయం.

ఇక తోటకు వస్తాను. "రాలిన, దెబ్బతిన్న కాయలు" లో రెండు "ఇన" రూపాలు ఒకే నామవాచకానికి వేలాడుతున్నాయి. అలా వేలాడినప్పుడు రెండూ కలిసి ఉండాలా, ఏదో ఒకటి చాలా అన్నది తెలుగు చెప్పదు. "పండిన, తియ్యటి కాయలు" అంటే రెండు గుణాలూ ఒకే కాయలో ఉండాలని అర్థమవుతుంది. "చదువుకున్న, చదువుకోని వాళ్లు" అంటే ఎవరూ రెండూ కాలేరు గనక ఇద్దర్నీ విడివిడిగా తీసుకుంటాం. కట్టు ఒక్కటే, మనకు లోకం తెలుసు కాబట్టి సరైన దారిలో పోతాం. కాయ దగ్గరికొచ్చేసరికి లోకజ్ఞానం కూడా చేతులెత్తేసింది. రాలి బాగున్న కాయ ఉంటుంది, రాలకుండా చెడిన కాయ ఉంటుంది, రెండూ అయిన కాయ ఉంటుంది. నా వాక్యం ఆ మూడింటి మధ్య నిలబడి దిక్కులు చూసింది.

విచిత్రం ఏమిటంటే ఈ రెండు అర్థాలనూ విడదీసే పనిముట్లు తెలుగులో తయారుగా ఉన్నాయి. రెండూ కావాలంటే మొదటి క్రియను "ఇ"తో ముగించాలి. "గాలివానకు రాలి దెబ్బతిన్న కాయలు" అనగానే రాలడం ముందు, దెబ్బ తర్వాత, రెండూ ఒకే కాయకు. బావ అర్థం ఇదే. ఏదో ఒకటి చాలంటే "గానీ" వేసి నామవాచకాన్ని మళ్లీ రాయాలి. "గాలివానకు రాలిన కాయలను గానీ, గాలివానకు దెబ్బతిన్న కాయలను గానీ" అనాలి. ఇక్కడ "గాలివానకు" రెండుసార్లు రాశాను చూడండి. ఒకసారే రాస్తే అది ఎంత దూరం పారుతుందో మళ్లీ తగువు. వ్యాపారి అర్థం కావాలంటే రెండోసారి దాన్ని తీసేసి "ఏ కారణంతోనైనా దెబ్బతిన్న కాయలను గానీ" అని పెట్టాలి. కాపీ రాయడంలో ఒకే మాట రెండుసార్లు రావడం మాకు బడిలో నేర్పిన పాపం. ఒప్పందంలో అది పుణ్యం.

ఆ రోజు కాంటా దగ్గర నేను ఈ మూడు వాక్యాలూ సిగరెట్ ప్యాకెట్ అట్ట మీద రాసి ఇద్దరి ముందూ పెట్టాను. ఏదో పరిష్కారం తెచ్చినవాడిలా. వాళ్లు చదివారు. "మంచిగనే ఉంది, కానీ మనం ఏది ఒప్పుకున్నం?" అన్నాడు బావ. వ్యాపారి కూడా నావైపే చూశాడు.

అప్పుడు అర్థమైంది నాకు. వాక్యాన్ని ఒక అర్థానికి కుదించడం రాసేవాడి చేతిలో పని కాదు. మూడు శుభ్రమైన వాక్యాలు రాయగలను, వాటిలో ఏది ఒప్పందమో నేను తేల్చలేను. వాళ్లిద్దరూ సంతకం పెట్టిన రోజు ఒకే కాగితం మీద రెండు వేరు వేరు ఒప్పందాలకు సంతకం పెట్టారు. నా వాక్యం అంత వెడల్పుగా ఉంది కాబట్టే ఇద్దరూ అందులో పట్టారు. శుభ్రంగా రాసి ఉంటే ఆ రోజే గొడవ పడేవాళ్లు. ఆ రోజు పడాల్సిన గొడవ అది.

వ్యాపారి "కోర్టుకు పోదాం" అన్నాడు కోపంలో. నాకు తెలిసిన ఒక వకీలును ఫోన్లో అడిగాను. ఆయన నవ్వి 1872 నాటి సాక్ష్య చట్టం 93వ సెక్షన్ సంగతి చెప్పాడు. కాగితంలో మాటే పైకి కనబడేంత సందిగ్ధంగా ఉంటే, దాని అర్థం ఇదీ అని చూపడానికి బయటి సాక్ష్యం ఒప్పుకోరు. చట్టం ఇచ్చిన ఉదాహరణ గుర్రం బేరం. గుర్రాన్ని వెయ్యికి లేదా పదిహేను వందలకు అమ్ముతానని రాసుకుంటే, అసలు ధర ఏదో చెప్పే సాక్ష్యం చెల్లదు. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది, ఈ సూత్రం మాత్రం అందులోనూ ఉంది. "నీ బత్తాయి వాక్యం ఆ కోవలోకి వస్తుందో రాదో జడ్జి చూసుకుంటాడు. కానీ నువ్వు బోనెక్కి నేను ఇట్లనుకుని రాసిన అంటే వినకపోవచ్చు" అన్నాడు. నేను ఏమనుకుని రాశానో నాకే తెలియదన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

కోర్టు దాకా పోలేదు. కుప్పలవారీగా బేరం తెగింది. రాలినా బాగున్న కాయను వ్యాపారి బాటసింగారం మార్కెట్‌కు తోలి మంచి కాయతో కలిపే అమ్ముతాడు, అది అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. దానికి పూర్తి రేటు. పగిలిన దానికి ఏమీ లేదు. మచ్చ పడ్డ దానికి సగం. కూలీలు నలిపింది వ్యాపారి ఖాతాలోనే. మొత్తం 85,000 చేతికొచ్చింది బావకు. నా వాక్యం ప్రకారం కాదు, నా వాక్యాన్ని పక్కన పెట్టినందుకు.

మరుసటి ఏడాది మళ్లీ అదే వ్యాపారి, మళ్లీ అదే తోట. ఈసారి రాసే ముందు నేను ఇద్దర్నీ కూర్చోబెట్టి కుప్పల లెక్కన అడిగాను. ఫలానా కాయ ఉంది, ఎవరిది, ఎంత? జవాబు వచ్చిన తర్వాతే రాశాను. ఆ షరతు ఇలా తయారైంది:

"గాలివానకు రాలి పగిలిన కాయకు వ్యాపారి రైతుకు డబ్బు ఇవ్వనక్కర లేదు. గాలివానకు రాలినా పగలని కాయను వ్యాపారి బండికెక్కించుకుంటే, దానికి వ్యాపారి పూర్తి రేటు ఇవ్వాలి. ఎక్కించుకోకపోతే ఆ కాయ రైతుదే. చెట్టు మీద ఉండగానే గాలికి మచ్చ పడిన కాయకు వ్యాపారి సగం రేటు ఇవ్వాలి. కోసేటప్పుడు గానీ, బండికెక్కించేటప్పుడు గానీ దెబ్బతిన్న కాయకు వ్యాపారి పూర్తి రేటు ఇవ్వాలి."

పాతది ఆరు మాటలు, ఇది ఐదు వాక్యాలు. ఒక్కో వాక్యంలో ఒక్క కుప్పే. "ఇన" రూపం ఎక్కడ వచ్చినా దాని వెనక ఒక్క కాయే ఉంది. ఇంకో మార్పు గమనించారా? పాత వాక్యంలో "లెక్కించరాదు" అన్నాను, ఎవరు లెక్కించరాదో చెప్పలేదు. "భరించవలెను, చెల్లించవలెను, లెక్కించరాదు" అనే ఈ దస్తావేజు భాషలో కర్త మాయమైపోతాడు, చూడ్డానికి మాత్రం గంభీరంగా ఉంటుంది. ఇప్పుడు డబ్బున్న ప్రతి వాక్యంలో ఇచ్చేవాడు కనబడుతున్నాడు.

పనిలో పనిగా పాత కాగితం మొత్తం మళ్లీ చదివాను. ఏడో షరతు దగ్గర ఆగిపోయాను. "వ్యాపారి రైతు చేత తన ట్రాక్టర్‌లో కాయలను రోడ్డు దాకా తోలించాలి." తన ట్రాక్టర్ అంటే ఎవరిది? తోలించేది వ్యాపారి, తోలేది రైతు. "ఇంచు" పెట్టగానే వాక్యంలో కర్తలు ఇద్దరయ్యారు, "తన" ఇద్దర్నీ చూసి నవ్వుతోంది. డీజిల్ ఎవరు పోయాలన్నది దీనిమీదే ఆధారపడి ఉంది. ఆ ఏడాది బావ అడక్కుండానే తన ట్రాక్టర్ కట్టాడు గనక ఎవరూ పట్టించుకోలేదు. అంటే గొడవ రాకపోవడం వాక్యం బాగుందనడానికి గుర్తు కాదు. ఇద్దరు మనుషులున్న ఒప్పందంలో "తన" రాయకుండా ప్రతిసారీ "రైతు ట్రాక్టర్", "వ్యాపారి ట్రాక్టర్" అనే రాయడం మొదలుపెట్టాను. చదవడానికి మొద్దుగా ఉంటుంది. ఉండనీ.

వ్యాపారికి ఈ కొత్త కాగితం మొదట నచ్చలేదు. "ఇన్ని రాస్తే నేను దొంగనైనట్టున్నది గదా అన్నా" అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. మన దగ్గర నోటిమాట మీద వ్యవహారం నడిచిన చోట, కాగితం పొడుగైతే నమ్మకం పొట్టిదైందని అనుకుంటారు. నేను వాదించలేదు. కాగితం అతని చేతికిచ్చి, "నువ్వు బావవి అనుకుని చదువు. ఇందులోంచి నీకు డబ్బు ఎగ్గొట్టే దారి ఎక్కడైనా దొరుకుతదేమో చూడు" అన్నాను. బావకు వ్యాపారిలా చదవమన్నాను. రాసిన వాడికి తన వాక్యంలో రెండో అర్థం కనబడదు, మొదటిది ముందే బుర్రలో కూర్చుని ఉంటుంది కాబట్టి. అది కనబడేది ఎదుటి పక్షం కళ్లకే. హెడ్డింగుకైతే ఆ చదివేవాడు అధికారి అత్తగారు.

వ్యాపారి చాలాసేపు చదివాడు. నాలుగో వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"మచ్చ అంటే ఎంత మచ్చ?"

ఇది వ్యాకరణం ప్రశ్న కాదు. ఆ వాక్యాన్ని ఎట్ల తిప్పి కట్టినా అర్థం ఒక్కటే వస్తుంది, కాకపోతే ఆ మాటకు అంచు లేదు. సూది మొన అంత చుక్క మచ్చేనా? సగం కాయ నల్లబడితేనే మచ్చా? మాటల అతుకు సరిచేసే పనిముట్లేవీ ఇక్కడ పనికిరావు. కొలత కావాలి.

"రూపాయి బిళ్ల కన్నా పెద్దదైతే మచ్చ" అన్నాడు బావ.

"ఏ రూపాయి? పాతదా, కొత్తదా?" అన్నాడు వ్యాపారి. "పాతది ఇంతుంటది."

బావ జేబులోంచి ఒక బిళ్ల తీసి, స్టాంపు పేపరు అంచున నాలుగో వాక్యం పక్కన పెట్టి, పెన్నుతో దాని చుట్టూ గుండ్రంగా గీశాడు. లోపల నేను "ఇంత" అని రాశాను. ఇద్దరూ ఆ గీత మీదే సంతకం పెట్టారు.